పీడీ యాక్ట్ పెట్టి తీసుకుపోయిన తమ్ముడికి బెయిల్ ఎందుకు పనికిరాదు, ఏది పనికొస్తుంది

*"లాయరక్కా, మాది పాలమూరు వైపు ఒక ఊరు. మా తమ్ముడికి చిన్న విత్తనాల దుకాణం ఉంది. లూజు పత్తి గింజలు అమ్మాడని పోయిన జూన్ 4న ఒక కేసు, జూలై 20న ఇంకో కేసు పెట్టారు. ఆగస్టుకల్లా రెండింట్లో బెయిల్ వచ్చింది, ఇంటి దగ్గరే ఉన్నాడు. జనవరి 12న పొద్దున్నే వచ్చి తీసుకుపోయారు. జనవరి 10న కలెక్టర్ గారు పీడీ యాక్ట్ ఆర్డర్ ఇచ్చారట, ఏడాది లోపల ఉంచుతారంటున్నారు. 24 గంటల్లో కోర్టులో పెట్టనే లేదు. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, వాడు చదివింది ఏడో తరగతి, తెలుగు మీడియం. జనవరి 25న జైలు నుంచే అర్జీ పెట్టుకున్నాడు, ఇంతవరకు జవాబు లేదు. ఏదో బోర్డు ముందుకు తీసుకెళ్లారు, లాయర్‌ను రానివ్వలేదు. ఇక్కడి లాయర్ సాబ్ మళ్లీ బెయిల్ వేద్దాం అంటున్నాడు. ప్రాథమిక హక్కులంటే ఇవేనా అక్కా? మేమేం చేయాలె?"* – ఒక అన్న, ఫిబ్రవరి 16

తమ్ముడూ, ముందు ఆ బెయిల్ పిటిషన్ ఆపు. కేసు నడుస్తుండగా ముద్దాయిని బయట ఉండనివ్వడానికి ఇచ్చేది బెయిల్. మీ తమ్ముడు ఇప్పుడు జైల్లో ఉన్నది ఆ రెండు కేసుల్లో ముద్దాయిగా కాదు, వాటిల్లో బెయిల్ ఎప్పుడో వచ్చింది, అది ఇప్పటికీ చెల్లుతుంది. ఆయన్ని పెట్టింది "మున్ముందు చేస్తాడేమో" అన్న అనుమానం మీద, దాన్నే ముందస్తు నిర్బంధం, ఇంగ్లీషులో ప్రివెంటివ్ డిటెన్షన్ అంటారు, పీడీ అంటే అదే. నేరం మోపలేదు కాబట్టి విచారణ లేదు, విచారణ లేదు కాబట్టి బెయిల్ లేదు. మెజిస్ట్రేటు గానీ జిల్లా జడ్జి గానీ కలెక్టర్ ఇచ్చిన పీడీ ఆర్డర్‌ను ముట్టుకోలేరు. అక్కడ వేస్తే నాలుగు వాయిదాల తర్వాత "మాకు అధికారం లేదు" అంటారు, అప్పటికి నెల గడిచిపోతుంది. ఇలా రెండు మూడు నెలలు పోగొట్టుకున్నాక నా దగ్గరికి వచ్చిన కుటుంబాలను నేను చూశాను, అందుకే ఇది మొట్టమొదట చెబుతున్నా.

ఇక 24 గంటల సంగతి. ఇది వింటే బాధేస్తుంది గానీ తెలుసుకోవాలి. అరెస్టు చేసినవాణ్ని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి, తనకు నచ్చిన లాయర్‌తో మాట్లాడనివ్వాలి అని రాజ్యాంగం 22వ అధికరణంలో మొదటి రెండు క్లాజులు చెబుతాయి. ఆ వెంటనే మూడో క్లాజు వస్తుంది, ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకున్నవాళ్లకు ఈ రెండూ వర్తించవని. అంటే ఈ మినహాయింపు ఎక్కడో చిన్న చట్టంలో దాక్కుని లేదు, ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే ఉంది. విచారణ లేకుండా మనిషిని లోపల వేసే వీలును రాజ్యాంగమే ప్రభుత్వానికి ఇచ్చింది. నాకైతే ఇది మన రాజ్యాంగంలో అన్నిటికంటే మింగుడుపడని పేజీ. అందుకని పిటిషన్‌లో "24 గంటల్లో కోర్టులో పెట్టలేదు" అన్నదాన్ని మొదటి పాయింట్‌గా రాయించకు, అది నిలబడదు, నిలబడని పాయింట్ ముందు పెడితే నిలబడేవాటి బరువు కూడా తగ్గుతుంది.

మరి చేతిలో ఏం మిగిలింది అంటే, అదే 22వ అధికరణంలో నాలుగు, ఐదు క్లాజులు మిగిలాయి. సలహా బోర్డు సరేననకుండా ఎవరినీ మూడు నెలలకు మించి ఉంచకూడదు అని నాలుగోది, మీ వాణ్ని తీసుకెళ్లిన బోర్డు అదే. ఎందుకు నిర్బంధించారో ఆ కారణాలు వీలైనంత త్వరగా చెప్పాలి, వాటి మీద మొరపెట్టుకునే అవకాశం వీలైనంత ముందుగా ఇవ్వాలి అని ఐదోది. చూడ్డానికి చిన్నవి. కానీ ప్రభుత్వానికి ఇంత పెద్ద అధికారం ఇచ్చి ఈ రెండు మూడు షరతులే పెట్టారు కాబట్టి, వీటిలో ఒక్కటి తప్పినా కోర్టులు సాధారణంగా ఊరుకోవు. రాజ్యాంగం వచ్చిన ఏడాదే, 1950లో, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని జైల్లో నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. నిర్బంధ చట్టాన్ని మొత్తంగా కోర్టు నిలబెట్టింది, ఆయన విడుదల కాలేదు. అయినా ఆ చట్టంలో నిర్బంధ కారణాలను కోర్టుకు కూడా చెప్పకూడదు అన్న 14వ సెక్షన్ ఒకటుంటే దాన్ని కొట్టేసింది. కారణాలు చూడకపోతే హక్కు తప్పిందో లేదో కోర్టు ఎట్లా తేలుస్తుంది? ఇప్పుడు కూడా కోర్టు నీ తమ్ముడి కాగితాలు తెప్పించుకుని చూడగలుగుతున్నదంటే దాని మొదలు అక్కడుంది.

నువ్వు వెళ్లాల్సింది హైదరాబాద్‌లో హైకోర్టుకు. 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ రిట్ వేయాలి, అంటే "ఈ మనిషిని ఏ చట్టం ప్రకారం ఉంచారో చూపించండి, చూపలేకపోతే వదిలిపెట్టండి" అని అడిగే పిటిషన్. ఇది జైల్లో ఉన్నవాడే వేయాలని లేదు. అన్నగా నువ్వు వేయొచ్చు, భార్య వేయొచ్చు, తల్లి వేయొచ్చు. ఇద్దరు జడ్జీల బెంచి వింటుంది. 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు పోయే హక్కు కూడా ఉంది గానీ ముందు హైకోర్టుకు పొమ్మని పంపడమే ఎక్కువ, ఢిల్లీ ఖర్చు ఇప్పుడే వద్దు.

ఒక్కటి బాగా అర్థం చేసుకో. ఆ గింజలు నకిలీవా, మీ తమ్ముడు అమ్మాడా లేదా అన్నది హైకోర్టు ఈ పిటిషన్‌లో తేల్చదు. కలెక్టర్‌కు కలిగిన "తృప్తి", అంటే ఈ మనిషిని ఆపక తప్పదన్న నమ్మకం, దాని స్థానంలో కోర్టు తన అభిప్రాయం పెట్టదు. కోర్టు చూసేది ఆ తృప్తికి ఎట్లా వచ్చారు, ఏ కాగితాలు చూసి వచ్చారు, ఏవి చూడలేదు, ఆ తర్వాత చట్టం చెప్పిన పనులు చెప్పిన రోజుకు చేశారా అని. అందుకే నీ తమ్ముడు మంచివాడని పది పేజీలు రాయించడం కంటే క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోవడం మేలు.

మన పీడీ యాక్ట్ 1986 నాటి చట్టం. కలెక్టర్ ఆర్డర్ ఇచ్చాక ప్రభుత్వం దాన్ని 12 రోజుల్లో ఆమోదించాలి, లేకపోతే ఆర్డర్ దానంతట అదే చచ్చిపోతుంది. ఆర్డర్ జనవరి 10ది కాబట్టి జనవరి 22 నాటికి సచివాలయం నుంచి ఆమోదం జీవో వచ్చి ఉండాలి. ఆ జీవో కాపీ మీ దగ్గర ఉందా? నీ ఉత్తరంలో దాని మాట లేదు. మిగతా గడువులు పట్టుకున్న రోజు నుంచి లెక్క. నిర్బంధ కారణాలు 5 రోజుల్లోపు చేతికివ్వాలి. మూడు వారాల్లో, అంటే ఫిబ్రవరి 2 నాటికి, ఫైలు సలహా బోర్డు ముందుకు పోవాలి. ఏడు వారాల్లో, అంటే మార్చి 2 నాటికి, బోర్డు తన నివేదిక ప్రభుత్వానికి ఇవ్వాలి. "తగిన కారణం లేదు" అని బోర్డు అంటే ప్రభుత్వం వదిలిపెట్టి తీరాలి, ఇంకో మాట లేదు. "ఉంది" అంటే ప్రభుత్వం ఆర్డర్‌ను ఖాయం చేస్తుంది, ఎంతకాలమో అప్పుడు చెబుతుంది, పట్టుకున్న రోజు నుంచి 12 నెలలు దాటకూడదు. మీకు "ఏడాది" అని చెప్పింది ఆ పై హద్దు మాత్రమే. ఈ తారీఖులన్నీ ఒక తెల్లకాగితం మీద ఒక పక్క రాసి, నిజంగా జరిగిన తారీఖులు రెండో పక్క రాయి. ఎక్కడ ఖాళీ కనిపిస్తుందో అదే నీ పిటిషన్. బోర్డు నివేదిక వచ్చేదాకా ఆగాలని ఎవరైనా చెబితే వినకు, రిట్ ఇప్పుడే వేయొచ్చు.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించింది భాష సంగతి. మొరపెట్టుకునే హక్కు ఉందంటే దేని మీద మొరపెట్టుకోవాలో తెలిసి ఉండాలి కదా. 1962లోనే మహారాష్ట్ర నుంచి పోయిన ఒక కేసులో, ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషులో కారణాలిచ్చి, హిందీ అనువాదం అడిగితే లేదు పొమ్మని, ఒక పోలీసు అధికారి నోటితో చదివి చెప్పి సరిపెట్టారు. సరిపోదని సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టేసింది. కారణాలు చెప్పడమంటే ఆ మనిషికి వచ్చిన భాషలో, వచ్చిన లిపిలో ఇవ్వడం. మీ వాడికి పదీ ఇరవై పేజీల ఆర్డర్ మాత్రమే కాదు, దానికి ఆధారంగా చూపిన ఎఫ్ఐఆర్‌లు, పంచనామాలు, ల్యాబ్ రిపోర్టులు కూడా ఇవ్వాలి, అవి ఇంగ్లీషులో ఉంటే తెలుగులోకి మార్చి ఇవ్వాలి. ఇక్కడే ఒక గుంత ఉంది. తీసుకుపోయిన రోజు కొన్ని కాగితాల మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. "నాకు తెలుగులో చదివి వినిపించారు, అర్థమైంది, తెలుగు కాపీలు ముట్టాయి" అని అందులో రాసి ఉంటే, ప్రభుత్వం కోర్టుకిచ్చే జవాబులో, అంటే కౌంటర్‌లో, మొదట చూపేది ఆ సంతకాన్నే. ములాఖత్‌కు పోయినప్పుడు అడుగు, సంతకం ఎన్ని చోట్ల పెట్టాడు, కింద ఏమైనా రాశాడా, తెలుగు కట్ట ఒకటి వేరే ఇచ్చారా, జైల్లోనే ఎవరి దగ్గరైనా ఉందా అని. ఉండి నువ్వు లేదని అఫిడవిట్‌లో రాస్తే, అబద్ధమాడావని మిగతావన్నీ పోతాయి. ఏడో తరగతి టీసీ కాపీ మాత్రం తప్పక జతచేయి, ఏ మీడియమో దాని మీద ఉంటే ఇంకా మంచిది.

రెండోది అర్జీ. జనవరి 25న ఇచ్చాడు, నువ్వు నాకు రాసేనాటికి 22 రోజులు. ఎన్ని రోజుల్లో తేల్చాలని అంకె ఎక్కడా లేదు. కోర్టు అడిగేది ఆ 22 రోజుల్లో ఆ కాగితం ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఉందని. ప్రతి రోజుకూ లెక్క చెప్పగలిగితే ప్రభుత్వం గట్టెక్కుతుంది, "పరిశీలనలో ఉంది" అని ఊరికే అంటే గట్టెక్కదు. బోర్డు చూస్తోంది కదా, మేమెందుకు చూడాలి అని కూడా ప్రభుత్వం అనకూడదు, అర్జీని తాను విడిగా చూసి తీరాలి. అయితే అర్జీ ఇచ్చినట్టు రుజువు కావాలి. జైలు ఆఫీసులో ముట్టినట్టు ముద్ర, తారీఖు ఉన్న కాపీ ఉందో లేదో కనుక్కో. లేకపోతే కూర్చుని బాధపడకు, రేపే ఇంకొకటి తెలుగులో రాయించి జైలు సూపరింటెండెంట్ ద్వారా ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి పంపండి, ఒక కాపీ రిజిస్టర్డ్ పోస్టులో నువ్వు కూడా పంపు, రసీదు దాచు.

బోర్డు ముందుకు లాయర్‌ను రానివ్వకపోవడం అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ ఆ హక్కు లేదని చట్టంలోనే ఉంది. 1981 డిసెంబర్‌లో ఏ.కె. రాయ్ అనే ఎంపీ కేసులో సుప్రీంకోర్టు దానికి రెండు సందులు తెరిచింది. ప్రభుత్వం తరఫున లాయర్ గానీ, లాయర్ పని చేసే అధికారి గానీ వచ్చి వాదిస్తే నిర్బంధితుడికీ లాయర్‌ను ఇవ్వాలి. లాయర్ కాని స్నేహితుడి సాయం అడిగితే కాదనకూడదు. ఆ రోజు గదిలో ఎవరెవరున్నారు, పోలీసు అధికారి ఊరికే ఫైలు అందించాడా లేక మీ వాడికి వ్యతిరేకంగా వాదించాడా అని అడిగి రాసుకో.

ఇక అసలు ఆర్డర్‌లోకి వద్దాం. పీడీ యాక్ట్ ఉన్నది నేరం చేసిన ప్రతివాణ్నీ లోపల వేయడానికి కాదు, ప్రజాజీవన వ్యవస్థకు, చట్టం మాటల్లో "పబ్లిక్ ఆర్డర్"కు, భంగం కలిగించేవాణ్ని ఆపడానికి. 1965లో రామ్‌మనోహర్ లోహియా కేసులో జస్టిస్ హిదాయతుల్లా దీన్ని ఒకదానిలో ఒకటి ఉన్న మూడు వలయాలుగా చెప్పారు. అన్నిటికంటే పెద్దది శాంతిభద్రతలు, దాని లోపల చిన్నది పబ్లిక్ ఆర్డర్, ఇంకా లోపల ఇంకా చిన్నది దేశ భద్రత. శాంతిభద్రతలకు భంగం కలిగినంత మాత్రాన పబ్లిక్ ఆర్డర్‌కు కలిగినట్టు కాదు. మన రాష్ట్రం నుంచి పోయిన పీడీ ఆర్డర్లు సుప్రీంకోర్టులో మళ్లీ మళ్లీ పడిపోతున్నది ఈ చోటే. నీకు దగ్గరగా ఉన్నది 2017 తీర్పు. నకిలీ మిర్చి విత్తనాలు అమ్మాడని ఒకాయన్ని గూండా అని పేరుపెట్టి పీడీ కింద వేశారు. విత్తనాల నేరాలకు విత్తనాల చట్టాలున్నాయి, మామూలు క్రిమినల్ చట్టం ఉంది, గూండా, పబ్లిక్ ఆర్డర్ అనే మాటలు మంత్రంలా చదివితే చాలదు అని కోర్టు ఆయన్ని వదిలిపెట్టింది. అయితే దాన్ని పట్టుకుని గెలిచేశాం అనుకోకు. ఇప్పటి చట్టంలో నకిలీ విత్తనాల నేరస్థులు అని విడిగా చేర్చి ఉంది, గూండా అనాల్సిన అవసరం వాళ్లకు లేదు. అయినా ఆ పేరు కింద పడితే చాలదు, ఆ పని వల్ల పబ్లిక్ ఆర్డర్ ఎట్లా దెబ్బతిన్నదో ఆర్డర్‌లో చూపాలి. ఎంతమంది రైతులు, ఏ ఊళ్లు, ఎంత పంట పోయింది అని నిజంగా రాశారా లేక "రైతుల్లో భయాందోళనలు" అని ఒక వాక్యంతో వదిలేశారా, చదివించి చూడు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మొలవని గింజ వేసి, రెండోసారి దున్ని, అప్పు మీద అప్పు చేసిన రైతులు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ రైతు కోపం న్యాయమైనది. మీ తమ్ముడు తప్పు చేసి ఉంటే ఆ రెండు కేసుల్లో సాక్షులు చెప్పాలి, ల్యాబ్ రిపోర్టు రుజువు కావాలి, శిక్ష పడాలి. హెబియస్ కార్పస్ గెలిచినా ఆ రెండు కేసులు పోవు, నడుస్తూనే ఉంటాయి. రుజువు చేసే కష్టం తప్పించుకోవడానికి పీడీ వాడొద్దు అన్నదే నా పట్టుదల.

నీ తమ్ముడి తారీఖుల్లో ఇంకొక బలం ఉంది. చివరి కేసు జూలై 20ది, ఆర్డర్ జనవరి 10ది, మధ్యలో దాదాపు ఆరు నెలలు, ఆగస్టు నుంచి ఇంటి దగ్గరే ఉన్నాడు, కొత్త కేసు లేదు. రేపు చేస్తాడన్న భయం ఉంటే ఆరు నెలలు ఎందుకు ఆగారు? 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసిన తెలంగాణ కేసు అచ్చం ఇలాంటిదే. ఉద్యోగాలిప్పిస్తానని డబ్బు తీసుకున్నాడని రెండు ఎఫ్ఐఆర్‌లు, రెండింట్లో బెయిల్, మొదటి ఎఫ్ఐఆర్ అయిన ఏడు నెలలకు, రెండోది అయిన ఐదు నెలలకు పీడీ ఆర్డర్. అప్పుడు కూడా కోర్టుకు పోయింది అన్నదమ్ముల్లో ఒకరే. పాతబడిన సంగతులకూ ఆర్డర్‌కూ సజీవమైన లంకె లేదని కోర్టు చెప్పింది. అంతకుముందు ఏడాదిలోనే కనీసం పది పీడీ ఆర్డర్లను మన హైకోర్టు రద్దు చేసిందని కూడా ఆ తీర్పులో ఉంది. 2021లో ఇంకో తెలంగాణ కేసులో బెయిల్ వచ్చిందన్న కోపంతో పీడీ పెట్టొద్దని, బెయిల్ షరతులు తప్పితే దాని రద్దుకు పిటిషన్ వేసుకోవాలని చెప్పింది. కాబట్టి మీ వాడి బెయిల్ ఆర్డర్లు కలెక్టర్ ముందు పెట్టారా, రద్దు కోసం పోలీసులు ఎప్పుడైనా అడిగారా అన్నది చూడాలి. బెయిల్ షరతు ప్రకారం స్టేషన్‌కు పోయి సంతకాలు పెట్టి ఉంటే ఆ వివరం కూడా అఫిడవిట్‌లో రావాలి.

అయితే ఆ 2022 కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది, ఆర్డర్ మే 2021ది, సుప్రీంకోర్టు కొట్టేసింది ఏప్రిల్ 2022లో. హైకోర్టులో ఓడి, ఢిల్లీ దాకా పోయి, గెలిచేసరికి ఏడాదిలో చాలాభాగం జైల్లోనే పోయింది. ఈ హక్కుకు ఉన్న పెద్ద హద్దు అదే. అందుకని రిట్ నంబర్ పడిన రోజు నుంచి మీ లాయర్ వెంటపడాలి, ప్రభుత్వం కౌంటర్‌కు గడువు అడిగిన ప్రతిసారీ "మనిషి లోపల ఉన్నాడు" అని లేచి చెప్పాలి. కొట్టేశాక అవే పాత కారణాల మీద మళ్లీ ఆర్డర్ ఇవ్వడానికి వీల్లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకు.

డబ్బు సంగతి నువ్వు రాయలేదు గానీ అడుగుతావని తెలుసు. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం హక్కు. మహబూబ్‌నగర్ జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడిగినా, 15100కు ఫోన్ చేసినా హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ దారి చూపిస్తారు.

ఈ వారంలో ఇవి సర్దుకో: కలెక్టర్ ఆర్డర్, కారణాల కాగితం, వాటితో ఇచ్చిన మొత్తం కట్ట ఒక్క పేజీ కూడా తీయకుండా, రెండు ఎఫ్ఐఆర్‌లు, రెండు బెయిల్ ఆర్డర్లు, అర్జీ కాపీ, టీసీ. ఆమోదం జీవో కాపీ జైలు సూపరింటెండెంట్‌ను రాతపూర్వకంగా అడుగు, ఇవ్వకపోతే అడిగిన కాగితమే జతచేయి. మార్చి 2 దాటే లోపు రిట్ హైకోర్టులో పడాలి, తమ్ముడూ.